ఆక్సిజన్‌కే ఎలక్ట్రోనెగటివిటీ ఎక్కువ కదా, మరి ఎస్టర్ కంటే ఆసిడ్ క్లోరైడ్ ఎందుకు ముందు?

భద్రకాళి_చెరువుగట్టు (రాత్రి 9:10)
అందరికీ నమస్తే. హన్మకొండలో బీఎస్సీ చదువుతున్నాను. చర్యలో చురుకుదనాన్ని బట్టి ఆసిడ్ క్లోరైడ్, అన్‌హైడ్రైడ్, ఎస్టర్, అమైడ్ అనే వరుస నోటికి వచ్చు. క్లాసులో చెప్పిన కారణం ఇది: క్లోరిన్ ఎలక్ట్రాన్లను లాగుతుంది, కార్బొనిల్ కార్బన్ మీద పాజిటివ్ పెరుగుతుంది, అందుకే న్యూక్లియోఫైల్ తొందరగా వస్తుంది. బాగానే ఉందనుకున్నాను. నిన్న కరీంనగర్ బస్సులో కూర్చుని పట్టిక చూస్తే ఆక్సిజన్ 3.44, క్లోరిన్ 3.16, నైట్రోజన్ 3.04 అని ఉంది. లాగడమే కారణమైతే ఎస్టర్ ముందుండాలి కదా? పైగా క్లోరిన్‌కూ నైట్రోజన్‌కూ తేడా 0.12 మాత్రమే. అంత చిన్న తేడాకి ఒకటి వరుసలో మొదట, ఇంకొకటి చివర ఎలా ఉంటాయి?

ఇంకొకటి కూడా. ప్రాక్టికల్స్‌లో అనిలీన్‌ని సోడియం హైడ్రాక్సైడ్ నీళ్లలో కలిపి బెంజాయిల్ క్లోరైడ్ చుక్కలు వేసి బెంజనిలైడ్ చేశాం. ఆసిడ్ క్లోరైడ్ అంత చురుకైనదైతే ఫ్లాస్కు నిండా ఉన్న నీళ్లతోనే అయిపోవాలి. అయిపోలేదు, తెల్లటి ముద్ద వచ్చింది. ఎందుకు?

ర్యాంకు_కోచ్_వరంగల్ (9:32)
చెల్లె, ఎలక్ట్రోనెగటివిటీ వదిలెయ్. లీవింగ్ గ్రూప్ ఒక్కటి చూడు చాలు. వెళ్లిపోయేవాడికి ప్రోటాన్ తగిలిస్తే వచ్చే ఆమ్లం ఎంత బలమైనదో చూడు. HCl పీకేఏ దాదాపు −7, ఎసిటిక్ ఆసిడ్ 4.76, ఇథనాల్ 16, అమ్మోనియా 35 పైన. ఆమ్లం ఎంత బలమైతే దాని అయాన్ అంత సులభంగా వెళ్లిపోతుంది. వరుస మొత్తం ఇందులోనే వచ్చేసింది. ఎంట్రెన్స్‌లో ఇంతకంటే అడగరు.

పాతనోట్సు_సిరిసిల్ల (9:41)
అవును, లీవింగ్ గ్రూపే. అయోడైడ్ అన్నిటికంటే మంచిది, తర్వాత బ్రోమైడ్, క్లోరైడ్. టెర్షియరీ అయితే ఎస్‌ఎన్1, ప్రైమరీ అయితే ఎస్‌ఎన్2. ఎసిటైల్ క్లోరైడ్‌లో కార్బన్ పక్కన ఒక్క మిథైలే ఉంది కాబట్టి వెనక నుంచి దాడి సులభం. ఇదీ ప్రైమరీ లెక్కే.

జగిత్యాల_కెమిస్ట్రీ (10:05)
పాతనోట్సు గారూ, మీరు చెప్పింది ఆల్కైల్ హాలైడ్ల సంగతి. ఈ అమ్మాయి అడిగింది వేరు. ఇక్కడ వెనక నుంచి దాడి ఉండదు. కార్బొనిల్ కార్బన్ చదునుగా ఉంటుంది. న్యూక్లియోఫైల్ పైనుంచో కిందినుంచో వచ్చి ముందు అతుక్కుంటుంది, C=O లోని పై బంధం ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ మీదికి వెళ్తాయి. అప్పుడు ఆ కార్బన్ చుట్టూ నాలుగు చేతులు ఉంటాయి. తర్వాత ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు కిందికి దిగి C=O మళ్లీ కట్టుకుంటాయి, అప్పుడు ఒకరు బయటికి పోవాలి. ముందు రావడం, తర్వాత పోవడం. ఒకే దెబ్బలో జరిగే ఎస్‌ఎన్2 కాదు.

అమ్మాయీ, నీ ప్రశ్న చాలా మంచిది. ముప్పై ఏళ్లు ఇంటర్, డిగ్రీ పిల్లలకు చెప్పాను, పట్టిక ముందు పెట్టి ఇలా నిలదీసినవాళ్లు తక్కువ. నీకు చెప్పిన కారణం తప్పు కాదు, సగం. కార్బొనిల్ పక్కనున్న అణువు రెండు పనులు చేస్తుంది. బంధం గుండా ఎలక్ట్రాన్లను లాగుతుంది. అదే సమయంలో తన లోన్ పెయిర్‌ని C=O వైపు ఇస్తుంది కూడా. ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇచ్చే మనిషి అనుకో. చివరికి కార్బన్ చేతిలో మిగిలేది ఎంత అన్నదే లెక్క.

నైట్రోజన్ లాగడం తక్కువ, ఇవ్వడం చాలా ఎక్కువ. ఆక్సిజన్ బాగా లాగుతుంది, కానీ బాగానే ఇస్తుంది కూడా. క్లోరిన్ లాగుతుంది, ఇవ్వడం దాదాపు లేదు. దాని లోన్ పెయిర్ మూడో కక్ష్యలోని పెద్ద p ఆర్బిటాల్‌లో ఉంది. కార్బన్‌ది రెండో కక్ష్యలోని చిన్నది. సైజు కుదరదు, అతివ్యాప్తి సరిగా పడదు. అందుకని ఆసిడ్ క్లోరైడ్‌లో కార్బన్ ఆకలితోనే ఉంటుంది. అన్‌హైడ్రైడ్‌లో మధ్య ఆక్సిజన్ తన లోన్ పెయిర్‌ని రెండు కార్బొనిల్‌ల మధ్య పంచాలి, ఒక్కోదానికి అందేది తక్కువ. ఎస్టర్‌లో ఒక్కదానికే మొత్తం ఇస్తుంది.

భద్రకాళి_చెరువుగట్టు (10:20)
సార్, ఇది అర్థమవుతోంది. కానీ క్లోరిన్ ఇవ్వదు, నైట్రోజన్ ఇస్తుంది అని మనకెలా తెలుసు? వరుస ముందే తెలుసు కాబట్టి దానికి సరిపోయే కథ చెప్పుకుంటున్నామేమో అనిపిస్తోంది.

జగిత్యాల_కెమిస్ట్రీ (10:48)
అలాగే అనుమానించాలి. అందుకే చర్య వేగాన్ని పక్కన పెట్టి, కదలకుండా ఉన్న అణువును కొలుద్దాం.

లోన్ పెయిర్ ఇస్తే ఆ బంధానికి కొంత డబుల్ బాండ్ గుణం వస్తుంది, బంధం పొట్టిదవుతుంది. మామూలు అమైన్‌లో C–N పొడవు 1.47 ఆంగ్‌స్ట్రామ్‌లు. అమైడ్‌లో అది సుమారు 1.33 నుంచి 1.36. బాగా తగ్గింది. ఆల్కహాల్‌లో C–O సుమారు 1.43, ఎస్టర్‌లో సుమారు 1.35. కొంచెం తగ్గింది. మిథైల్ క్లోరైడ్‌లో C–Cl 1.78. ఎసిటైల్ క్లోరైడ్‌లో అది ఏమీ తగ్గలేదు, ఆ చుట్టుపక్కలే ఉంది. ఈ కొలతలకు వేగంతో సంబంధం లేదు. క్లోరిన్ ఇవ్వడం లేదన్న మాట ఆ పొడవే చెబుతోంది.

ఇంకో సాక్ష్యం డీఎంఎఫ్ అనే అమైడ్. నైట్రోజన్ మీద రెండు మిథైల్‌లు ఉంటాయి. C–N మామూలు సింగిల్ బాండ్ అయితే గిరగిరా తిరగాలి, ఎన్‌ఎంఆర్‌లో రెండూ ఒకే గీతగా రావాలి. గది ఉష్ణోగ్రతలో రెండు గీతలు వస్తాయి, 2.9 దగ్గర ఒకటి, 3.0 దగ్గర ఒకటి. ఒక మిథైల్ ఎప్పుడూ ఆక్సిజన్ వైపే, ఇంకోటి అటువైపే. బంధం తిరగడానికి మోల్‌కు సుమారు 21 కిలోకేలరీలు కావాలి కాబట్టి అలా ఆగిపోయాయి. న్యూక్లియోఫైల్ వచ్చి అతుక్కుంటే ఈ స్థిరత్వం అంతా పోతుంది. అమైడ్ మొండికేసేది అందుకే.

ర్యాంకు_కోచ్_వరంగల్ (11:02)
సార్, మీమీద గౌరవంతోనే అడుగుతున్నా. ఇవన్నీ ఉన్నా పీకేఏ పట్టిక కూడా అదే వరుస ఇస్తోంది కదా. పిల్లలకు ఒక్క కారణం చాలనుకున్నప్పుడు అది ఎందుకు కాకూడదు?

కాజీపేట_ఆర్గానిక్ (11:25)
నేను చెప్తాను అన్నా, పీహెచ్‌డీలో ఇదే తలనొప్పి పడ్డాను కాబట్టి.

లీవింగ్ గ్రూప్ రెండో మెట్టులో పోతుంది. మొదటి మెట్టే నిదానమైతే, ఎవరు ఎంత సులభంగా పోతారన్నది వేగాన్ని నేరుగా తేల్చదు. ఎస్టర్‌ని సోడియం హైడ్రాక్సైడ్‌తో విడగొట్టేటప్పుడు మామూలుగా మొదటి మెట్టే నిదానం. దీన్ని తెలుసుకున్న తీరు నాకు చాలా ఇష్టం. 1951లో మైరన్ బెండర్ ఇథైల్ బెంజోయేట్ కార్బొనిల్‌లో బరువైన ఆక్సిజన్‌ను, అంటే ఆక్సిజన్-18ను పెట్టి, హైడ్రాక్సైడ్‌తో చర్య జరుగుతుండగా మధ్యలో ఆపి, ఇంకా విడిపోని ఎస్టర్‌ని తిరిగి తీసి చూశాడు. దానిలో ఆ బరువు ఆక్సిజన్ కొంత తగ్గింది. విడిపోని ఎస్టర్‌లో ఆక్సిజన్ ఎలా మారింది? హైడ్రాక్సైడ్ వచ్చి అతుక్కుంది, ప్రోటాన్ ఒక ఆక్సిజన్ మీదినుంచి ఇంకోదానికి మారింది, తర్వాత ఇథాక్సైడ్ బదులు హైడ్రాక్సైడే వెనక్కి పోయింది. నాలుగు చేతుల మధ్యస్థం నిజంగా ఉంటుందన్నదానికి గట్టి ఆధారం అది.

ఎస్టర్‌లో ఇలా వెనక్కి పోవడం తక్కువ, విడిపోవడం ఎక్కువ. బెంజమైడ్‌లో తలకిందులు. హైడ్రాక్సైడ్ వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది, NH2 మాత్రం కదలదు. అంటే అమైడ్‌లో మీరు చెప్పిన లీవింగ్ గ్రూప్ అడ్డం నిజమే, సార్ చెప్పిన రెజొనెన్స్ అడ్డమూ నిజమే. రెండు గేట్లూ మూసి ఉన్నాయి. ఎస్టర్, అమైడ్ తేడాను మాత్రం ఒక్క పీకేఏతో తేల్చలేం.

మీ పట్టిక బాగా పనికొచ్చే చోటు ఇంకొకటి ఉంది. ఇథైల్ ఎసిటేట్‌లో గాఢ అమ్మోనియా పోసి పెడితే ఎసిటమైడ్ నిదానంగా వస్తుంది. ఎసిటమైడ్‌లో ఇథనాల్ పోసి ఎన్నాళ్లు ఉంచినా ఎస్టర్ రాదు. నాలుగు చేతుల మధ్యస్థంలో ఒక పక్క ఇథాక్సీ, ఒక పక్క నైట్రోజన్. పోవాల్సి వస్తే ఇథాక్సైడ్ పోతుంది, NH2 పోదు. కొండ మీది నీళ్లు కిందికే వస్తాయి. వరుసలో పైనున్నదాని నుంచి కిందున్నది చేయగలం, కిందినుంచి పైకి నేరుగా పోలేం.

షిఫ్ట్_బి_నర్సంపేట (ఉదయం 6:15)
నైట్ డ్యూటీ దిగి చదువుతున్నా. మాది నర్సంపేట దగ్గర, పని హైదరాబాద్ పక్కన బల్క్ డ్రగ్ ప్లాంటులో. మా దగ్గర ఈ వరుస అంటే డబ్బు లెక్క. ఆమ్లాన్నీ అమైన్‌నీ నేరుగా కలిపితే అమైడ్ రాదు. ఆమ్లం ప్రోటాన్ ఇచ్చేస్తుంది, ఉప్పు గడ్డ కట్టి కూర్చుంటుంది. అప్పుడు మన చేతిలో ఉండేది కార్బాక్సిలేట్, వరుసలో అందరికంటే అడుగున. అమైన్ దగ్గరా లోన్ పెయిర్ ఉండదు. అందుకే ముందు థయోనిల్ క్లోరైడ్‌తో ఆసిడ్ క్లోరైడ్ చేసి, కొండెక్కించి, తర్వాత అమైన్ మీదికి దింపుతాం.

ఆసిడ్ క్లోరైడ్ పూర్తిగా అయిందా లేదా అని చూడటం మాకు తిప్పలు. అలాగే పరీక్షకు పంపితే గాలిలో తేమకే ఆమ్లం అయిపోతుంది, చర్య కాలేదనుకుని మోసపోతాం. అందుకని శాంపిల్‌ను పొడి మిథనాల్‌లో వేస్తాం. ఆసిడ్ క్లోరైడ్ ఉన్నంతా వెంటనే మిథైల్ ఎస్టర్ అవుతుంది, మిగిలిన ఆమ్లం ఆమ్లంగానే ఉంటుంది. హెచ్‌పీఎల్‌సీలో ఎస్టర్ ఎంత, ఆమ్లం ఎంత అని చదువుతాం. ఒక వానాకాలం డ్రమ్ము మూత సరిగా బిగించక తెల్లటి పొగ వస్తుంటే కూడా ఛార్జ్ చేశారు. ఆ బ్యాచ్ దిగుబడి పడిపోయింది, ఫిల్టర్ మీద ఆమ్లమే కనబడింది.

తమ్మీ ఒక ప్రశ్న. మరి డీఎంఎఫ్ కూడా అమైడే. అది థయోనిల్ క్లోరైడ్‌తో చటుక్కున చర్య జరుపుతుంది, రెండు చుక్కలు వేస్తే చాలు మా ఆసిడ్ క్లోరైడ్ చర్య ఉరుకుతుంది. అమైడ్ మొండిదైతే ఇదెట్ల?

కాజీపేట_ఆర్గానిక్ (7:40)
అన్నా, అక్కడ డీఎంఎఫ్ కార్బన్ మీదికి ఎవరూ ముందు రావడం లేదు. డీఎంఎఫ్ ఆక్సిజనే వెళ్లి సల్ఫర్‌ని పట్టుకుంటుంది. నైట్రోజన్ ఇచ్చిన ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ మీద చేరాయి కదా, అందుకే అమైడ్ ఆక్సిజన్ మంచి న్యూక్లియోఫైల్. ఆ తర్వాతే కార్బన్ చురుకవుతుంది. కార్బన్‌ను మొండి చేసిన రెజొనెన్సే ఆక్సిజన్‌ను చురుకు చేసింది.

ఇక చెరువుగట్టు చెల్లె రెండో ప్రశ్న. బెంజాయిల్ క్లోరైడ్‌లో కార్బొనిల్ పక్కన బెంజీన్ వలయం ఉంది. అదీ కొంత ఎలక్ట్రాన్లు ఇస్తుంది, అందుకే అది ఎసిటైల్ క్లోరైడ్ కంటే నెమ్మది. నీళ్లలో కరగదు కూడా, నూనె బొట్లుగా అడుగుకు పోతుంది. అనిలీన్‌కి ఆ నూనె ఇష్టం, లోపలికి పోతుంది. హైడ్రాక్సైడ్ నీళ్లలోనే ఉండిపోతుంది. పైగా అనిలీన్ నీటి కంటే చాలా మంచి న్యూక్లియోఫైల్. వచ్చిన HCl ని బయటున్న క్షారం తినేస్తుంది. అదే ఫ్లాస్కులో ఎసిటైల్ క్లోరైడ్ పోస్తే చాలావరకు నీళ్లతోనే బుస్సుమని అయిపోతుంది. అసిటనిలైడ్‌ను నీళ్లలో చేసేటప్పుడు అన్‌హైడ్రైడ్ వాడేది అందుకే, అది ఒక మెట్టు నెమ్మది.

జగిత్యాల_కెమిస్ట్రీ (8:10)
చాలా బాగా చెప్పావు బాబూ. ఒక్కటి కలుపుతాను. ఆ ఫ్లాస్కులో మొత్తం వరుసే ఉంది. పైన బెంజాయిల్ క్లోరైడ్, కింద బెంజనిలైడ్ అనే అమైడ్, అడుగున సోడియం బెంజోయేట్. పది శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో ఉన్నా బెంజనిలైడ్ చెక్కుచెదరదు. వేడి చేయనంతవరకు దాన్ని హైడ్రాక్సైడ్ ఏమీ చేయలేదు.

భద్రకాళి_చెరువుగట్టు (మధ్యాహ్నం 1:15)
అందరికీ చాలా థాంక్స్. అయితే మా ఫ్రెండ్‌ది సరిగా రాలేదు. బెంజనిలైడ్ ద్రవీభవన స్థానం 163 కదా, తనది 118 దగ్గర చెమ్మగిల్లడం మొదలై 140 దాకా సాగింది. నాది 160 దగ్గర కరిగింది. ఇద్దరం ఒకే సీసాలోంచి తీసుకున్నాం. అనిలీన్ 2 మి.లీ., బెంజాయిల్ క్లోరైడ్ 3 మి.లీ. తను ఇప్పుడు గుర్తు చేసుకుంటోంది, 10 మి.లీ. కొలత సిలిండర్‌తో సోడియం హైడ్రాక్సైడ్ ఒక్కసారే పోసిందట, రెండుసార్లు పోయాలి.

కాజీపేట_ఆర్గానిక్ (2:05)
దొరికింది. లెక్క వేద్దాం. 2 మి.లీ. అనిలీన్ అంటే సుమారు 0.022 మోల్. 3 మి.లీ. బెంజాయిల్ క్లోరైడ్ 3.6 గ్రాములు, 0.026 మోల్. పది శాతం సోడియం హైడ్రాక్సైడ్ 20 మి.లీ. అయితే 2 గ్రాములు, 0.05 మోల్. తను పోసింది 10 మి.లీ., 0.025 మోల్.

ఒక బెంజనిలైడ్ వచ్చినప్పుడు ఒక HCl వస్తుంది, ఒక క్షారం ఖర్చు. ఒక క్లోరైడ్ నీటితో పోతే HCl ఒకటి, బెంజోయిక్ ఆసిడ్ ఒకటి, కాబట్టి రెండు క్షారాలు ఖర్చు. 0.020 మోల్ అనిలైడ్ అయి, మిగిలిన 0.006 నీటితో పోయిందనుకుంటే మొత్తం 0.032 కావాలి. తన దగ్గర 0.025 ఉంది. చివరి భాగంలో ఫ్లాస్కు ఆమ్లమయింది. అప్పుడు అనిలీన్ ప్రోటాన్ తీసుకుని ఉప్పయి కూర్చుంటుంది, లోన్ పెయిర్ లేదు కాబట్టి ఇక చర్య చేయదు. నీళ్లలో కరిగి ఉండాల్సిన బెంజోయేట్ బెంజోయిక్ ఆసిడ్‌గా బయటపడి, అనిలైడ్‌తో కలిసి ఫిల్టర్ మీదికి వస్తుంది. బెంజోయిక్ ఆసిడ్ 122 దగ్గర కరుగుతుంది, మిశ్రమం ఇంకా ముందే చెమ్మగిల్లుతుంది. తన అంకెలు దానికి సరిగ్గా సరిపోతున్నాయి.

పారేయొద్దని చెప్పు. ఆ పొడిని సోడియం బైకార్బొనేట్ ద్రావణంలో కలపండి. బుడగలు వస్తే బెంజోయిక్ ఆసిడ్ ఉన్నట్టే. బుడగలు ఆగేదాకా కలిపి, వడబోసి, నీళ్లతో కడిగి, వేడి ఆల్కహాల్‌లో కరిగించి చల్లార్చి స్ఫటికాలు తీయండి.

ర్యాంకు_కోచ్_వరంగల్ (3:30)
ఇంత చదివాక నేను పిల్లలకు చెప్పేది మారుస్తాను. లీవింగ్ గ్రూప్ ఒక్కటే అని చెప్పను. కానీ నాకు ఒక చిక్కు మిగిలింది. రెజొనెన్స్ ఎక్కువైతే C=O బలహీనం కావాలి, ఐఆర్‌లో కిందికి రావాలి. అమైడ్ 1650 నుంచి 1690 సెం.మీ.⁻¹, ఎస్టర్ 1740, ఎసిటైల్ క్లోరైడ్ 1800 పైన కొంచెం. వరుస బాగుంది. కానీ ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ 1825 దగ్గర కనబడుతోంది. ఆసిడ్ క్లోరైడ్ కంటే పైన! మరి అదే ఎక్కువ చురుకు కావాలి కదా?

జగిత్యాల_కెమిస్ట్రీ (4:10)
అన్‌హైడ్రైడ్‌కి రెండు పట్టీలు వస్తాయి, 1825 దగ్గర ఒకటి, 1755 దగ్గర ఒకటి. రెండు కార్బొనిల్‌లు కలిసి కంపిస్తాయి, ఒకదాన్ని పట్టుకుని పోల్చకూడదు. సగటు తీస్తే 1790, క్లోరైడ్ కింద, ఎస్టర్ పైన. అయినా ఐఆర్ చూపేది రెజొనెన్స్ గేటునే. లీవింగ్ గ్రూప్ గేటును చూపదు. అందుకని ఐఆర్ ఒక్కదాంతో వరుస రాయమని నేనెప్పుడూ అడగలేదు.

ఇక్కడే పెన్సిలిన్ మాట ఒకటి. అందులోనూ అమైడే, కానీ నాలుగు మూలల వలయంలో ఇరుక్కుంది. నైట్రోజన్ చదునుగా నిలబడలేదు, లోన్ పెయిర్ సరిగా ఇవ్వలేదు. దాని కార్బొనిల్ 1770 దాటి కనబడుతుంది. వలయం మీది ఒత్తిడి కూడా తోడై, బ్యాక్టీరియా ఎంజైమ్‌లోని సెరీన్ వచ్చి దాన్ని తెరుస్తుంది. ఇవ్వడం ఆపితే అమైడ్ కూడా వరుసలో పైకి పోతుందన్నమాట.

పాతనోట్సు_సిరిసిల్ల (6:20)
నేను వేరే చర్య అనుకుని రాశాను, సార్ సరిచేసినందుకు మంచిదయింది. ఒక ప్రశ్న. ఆమ్లాన్ని ఎక్కడ పెట్టాలి? నా నోట్సులో ఎస్టర్ పక్కన ఉంది, మా అమ్మాయి పుస్తకంలో అసలు లేదు.

కాజీపేట_ఆర్గానిక్ (6:55)
ఫ్లాస్కులో ఏముందో చూసి చెప్పాలండీ. సల్ఫ్యూరిక్ ఆసిడ్ చుక్కతో ఆల్కహాల్‌లో ఉంటే ఎస్టర్ పక్కనే. అమైన్‌తో ఉంటే కార్బాక్సిలేట్ అయిపోయి అడుగున.

నాకు మాత్రం ఇంకా తేలనిది ఒకటుంది. బెంజాయిల్ క్లోరైడ్ నీళ్లలో నిలబడటానికి వలయం ఎంత కారణం, నూనె బొట్లుగా విడిగా ఉండటం ఎంత కారణం? కొంచెం అసిటోన్ పోసి అంతా కరిగేలా చేస్తే అనిలైడ్ దిగుబడి తగ్గుతుందని నా అనుమానం. చేసి చూడలేదు.

జగిత్యాల_కెమిస్ట్రీ (7:10)
నేను వలయానికే ఎక్కువ వాటా ఇస్తాను. నువ్వు చేసి చూస్తే ఇక్కడే అంకెలు పెట్టు. మార్చుకుంటాను.

భద్రకాళి_చెరువుగట్టు (మరుసటి రోజు సాయంత్రం 5:40)
బైకార్బొనేట్‌లో వేయగానే బుస్సుమని నురగ వచ్చింది. ఆల్కహాల్‌లోంచి మెరిసే రేకుల్లాంటి స్ఫటికాలు వచ్చాయి, ఉన్నదాంట్లో సగానికి కాస్త ఎక్కువే దక్కింది. ద్రవీభవన స్థానం 161 నుంచి 163. వడబోసిన నీళ్లలో కొంచెం హైడ్రోక్లోరిక్ ఆసిడ్ వేస్తే తెల్లగా బెంజోయిక్ ఆసిడ్ పడింది, దాన్ని కూడా ఆరబెట్టి ఉంచాం. వచ్చే వారం మాకు ల్యాబ్ ఉంది, అసిటోన్ పోసి ఒకటి, పోయకుండా ఒకటి చేయొచ్చా అని మేడమ్‌ని అడిగాం.